పై గీతకు కొలతే ఇవ్వలేదు, అయినా Over Defined అంటోంది. అడ్డుపడుతున్నది ఎలా పట్టాలి?

వాలుగీత

సాలిడ్‌వర్క్స్‌లో ఒక గసెట్ ప్లేటు స్కెచ్. కింది గీత 100, ఎడమవైపు నిలువు గీత 60, పైన ఒక అడ్డగీత, కుడివైపు వాలు గీతతో మూసుకుంటుంది. కింది ఎడమ మూల ఒరిజిన్ మీద ఉంది. లోపల 12 మి.మీ. బోల్టు రంధ్రం ఒకటి, ఎడమ అంచు నుంచి 20, కింది అంచు నుంచి 25. అంతే.

డ్రాయింగ్ మొదటి రివిజన్‌లో పై గీత 40 ఉండేది, ఇప్పుడు 50 చేశారు. రంధ్రం మాత్రం కదలకూడదు, 20 దగ్గరే ఉండాలి. విచిత్రం ఏంటంటే పై గీతకు నేను ఇంతవరకూ కొలతే పెట్టలేదు. అయినా స్కెచ్ మొత్తం నల్లగా ఉంది, కింద Fully Defined అని ఉంది. ఇప్పుడు కొలత పెట్టబోతే 40 చూపించి Make Dimension Driven? అని అడుగుతోంది. Leave this dimension driving నొక్కి 50 కొడితే సగం పసుపు, సగం ఎరుపు. ఏ కొలత దేనితో గొడవపడుతోందో ఎలా తెలుస్తుంది? ఉన్న కొలతలు ఐదే కదా.

షాప్‌ఫ్లోర్_శీను

బ్రో, సింపుల్. ఆ డబ్బా వచ్చినప్పుడు Make this dimension driven నొక్కెయ్. కొలత బూడిద రంగులోకి వెళ్తుంది, ఎర్రర్ పోతుంది. నేనెప్పుడూ అదే చేస్తా.

వాలుగీత

చేశాను అన్నా. ఎర్రర్ పోయింది, కానీ 40 అలాగే ఉంది. డబుల్ క్లిక్ చేస్తే మార్చనివ్వట్లేదు.

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

మార్చనివ్వదు. డ్రివెన్ కొలత అంటే స్కెచ్ నుంచి చదువుకునే కొలత, స్కెచ్‌ను నడిపించేది కాదు. శీను గారి చిట్కా 40 చాలనుకున్నప్పుడు పనికొస్తుంది, 50 కావాలంటే పనికిరాదు.

అసలు ఆధారం మీరే ఇచ్చారు: కొలత పెట్టకముందే స్కెచ్ నల్లబడింది. అంటే పై గీత పొడవును ఇంకేదో ఇప్పటికే నిర్ణయిస్తోంది. లెక్క వేద్దాం. ఒక్కో గీతకు నాలుగు స్వేచ్ఛలు, కాబట్టి నాలుగు గీతలకు 16. మూలలు నాలుగు కలిశాయి, ఒక్కో మూల రెండు తీసేస్తుంది, 8 మిగిలాయి. ఒరిజిన్‌కు కట్టారు, 6. రెండు అడ్డగీతలు Horizontal, ఒకటి Vertical, 3 మిగిలాయి. ఆ మూడూ వెడల్పు, ఎత్తు, పై గీత పొడవు. మీరు 100, 60 ఇచ్చారు, కాబట్టి ఒకటి మిగలాలి. పై కుడి మూల నీలంగా ఉండి, మౌస్‌తో లాగితే అటూ ఇటూ జరగాలి. మీ స్కెచ్‌లో జరగట్లేదు.

రంధ్రానికి సెంటర్ రెండు, వ్యాసం ఒకటి, మొత్తం మూడు. మీరిచ్చిన 20, 25, 12 వాటికి సరిగ్గా సరిపోవాలి. కానీ ఎక్కడో ఒకటి తేడా కొడుతోంది. మీరు చెప్పని గీత ఏదైనా ఉందా? కన్‌స్ట్రక్షన్ లైను?

అసెంబ్లీ_అప్పారావు

ఇది మాకు రోజూ ఉండే తలనొప్పి. రెండు బోల్టు రంధ్రాలకూ Concentric మేట్ పెడతాం, ఒక ప్లేటులో పిచ్ 90, ఇంకోదానిలో 90.02 ఉంటుంది, రెండో మేట్ ఎర్రబడుతుంది. రెండో బోల్టుకు Concentric తీసేసి, ప్లేట్ల పక్క అంచులకు Parallel పెట్టండి, పోతుంది.

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

అప్పారావు గారూ, అది అసెంబ్లీ మేట్ల గొడవ. ఇక్కడ ఒకే స్కెచ్, ఒకే రంధ్రం. జబ్బు ఒకటే జాతి, మందు వేరు.

వాలుగీత

కన్‌స్ట్రక్షన్ లైను ఒకటి ఉంది. రంధ్రం సెంటర్ ఎక్కడ పెట్టాలో తెలియక, పై గీత నుంచి కిందికి ఒక నిలువు గీత లాగి దాని చివర రంధ్రం గీశాను. దానికి కొలతేమీ లేదు కాబట్టి చెప్పలేదు.

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

అదే. పై గీతలో ఎక్కడి నుంచి మొదలుపెట్టారు? ఆ కన్‌స్ట్రక్షన్ లైనును క్లిక్ చేసి ఎడమ ప్యానెల్లో Existing Relations కింద ఏముందో, పై చివర బిందువును విడిగా క్లిక్ చేస్తే ఏముందో చూసి ఇక్కడ పెట్టండి. గీతను నొక్కితే గీత రిలేషన్లు, బిందువును నొక్కితే బిందువు రిలేషన్లు కనిపిస్తాయి. చాలామంది గీత ఒక్కటే చూసి ఏమీ లేదనుకుంటారు.

వాలుగీత

గీత మీద, తర్వాత పై చివర మీద నొక్కితే ఇవి వచ్చాయి:

```
Vertical7
Midpoint6
```

మిడ్‌పాయింట్ నేను పెట్టలేదు!

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

మీరు పెట్టలేదు, గీస్తున్నప్పుడు కర్సర్ పై గీత నడుమకు అంటుకుంది, క్లిక్‌తో పాటు రిలేషన్ కూడా పడింది. మొదలుపెట్టిన చోట కర్సర్ పక్కన చిన్న పసుపు గుర్తు కనిపించి ఉంటుంది.

ఇప్పుడు గొలుసు చూడండి. రంధ్రం సెంటర్ ఎడమ అంచు నుంచి 20. కన్‌స్ట్రక్షన్ లైను నిలువు, కాబట్టి దాని పై చివర కూడా 20 దగ్గరే. ఆ చివర పై గీతకు సరిగ్గా నడుమ. ఎడమ చివర 0 దగ్గర, నడుము 20 దగ్గర అయితే కుడి చివర 40 దగ్గరే ఉండాలి, ఇంకో దారి లేదు. మీ 20 అనే కొలత రంధ్రానిది మాత్రమే కాదు, పై గీత పొడవు కూడా అదే. మొదటి రివిజన్‌లో పై గీత 40 కావడం, రంధ్రం 20 దగ్గర ఉండడం కలిసొచ్చింది, అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ తెలియలేదు.

50 ఇవ్వగానే నడుము 25 దగ్గరికి పోవాలి, రంధ్రం 20 దగ్గరుండాలి, రెంటినీ కలిపే గీత నిలువుగా ఉండాలి. మూడూ ఒకేసారి కుదరవు.

ఫ్రీక్యాడ్_పిచ్చి

ఫ్రీక్యాడ్‌లో అయితే ఇంత డిటెక్టివ్ పని ఉండదు. స్కెచర్ టాస్కు ప్యానెల్లో సాల్వర్ మెసేజ్‌లోనే అడ్డుపడే వాటి నంబర్లు ఇస్తుంది, లింకు నొక్కితే స్క్రీన్ మీద అవే సెలెక్ట్ అవుతాయి. పైగా వైరుధ్యాన్నీ, అనవసరంగా రెండోసారి చెప్పినదాన్నీ వేరువేరుగా చూపిస్తుంది.

ఒక సందేహం. దీర్ఘచతురస్రానికి నాలుగు గీతలకూ Horizontal, Vertical ఉన్నాయి. ఎదురెదురు మూలలు రెండింటినీ ఒరిజిన్ చుట్టూ సిమెట్రీ చేశాను, బాగుంది. మిగతా రెండు మూలలకూ సిమెట్రీ పెడితే రిడండెంట్ అంటోంది. కొలతలు ఏవీ తప్పు కాదు, బొమ్మ కూడా కదల్లేదు. మరి తప్పేంటి?

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

తప్పు లేదు, అదనం ఉంది. మొదటి జత మూలలు ఒరిజిన్‌కు సిమెట్రీ అయితే, అంచులు అడ్డంగా నిలువుగా ఉన్నాయి కాబట్టి రెండో జత దానంతట అదే సిమెట్రీ అవుతుంది. మీరు మళ్లీ చెప్పడం వల్ల కొత్త సమాచారమేమీ చేరలేదు. సాల్వర్‌కు ప్రతి రిలేషనూ ఒక సమీకరణం. మిగతావాటి నుంచి రాబట్టగలిగే సమీకరణం దొరికితే అది ఫిర్యాదు చేస్తుంది, విలువ సరిగ్గా కలిసినా సరే.

సాలిడ్‌వర్క్స్ ఈ విషయంలో కొంచెం ఉదారం. జ్యామితి రిలేషన్లు రెండోసారి చెప్పినా, ఒకదానితో ఒకటి పొసిగితే చాలాసార్లు ఊరుకుంటుంది. కొలతను రెండోసారి చెబితే మాత్రం ఊరుకోదు. వాలుగీత గారి 40 దగ్గర జరిగింది అదే: విలువ సరిపోయింది, కానీ అదనం.

షాప్‌ఫ్లోర్_శీను

అన్నా, అలాగైతే విలువ సరిపోయినప్పుడు డ్రైవింగ్‌గానే వదిలేస్తే నష్టమేంటి? బొమ్మ సరిగ్గానే ఉంది కదా.

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

ఈ రోజు సరిగ్గానే ఉంటుంది. రేపు ఎవరైనా 20ని 22 చేస్తే పగులుతుంది. పగిలినప్పుడు చివరగా మార్చిన కొలత మీద నేరం పడుతుంది, అసలు గుచ్చుతున్నది పాత అదనపు కొలత అయినా సరే.

ఇంకో మెలిక కూడా ఉంది. విలువ సరిపోయిందని మీకు కనిపించినా సరిపోకపోవచ్చు. ఇదే ప్లేటులో పై గీత 40 ఉన్నప్పుడు వాలు గీత అడ్డంగా 60, నిలువుగా 60 పోతుంది, కాబట్టి దాని పొడవు 84.8528. స్క్రీన్ మీద రెండు దశాంశాలే కనిపిస్తాయి, 84.85. ఆ 84.85ను మీరు చేత్తో కొడితే అది అదనం కాదు, నిజమైన వైరుధ్యం. 2.8 మైక్రాన్ల తేడాతో స్కెచ్ ఎర్రబడి, ఎందుకో తెలియక జుట్టు పీక్కుంటాం. అంగుళాల డ్రాయింగును మి.మీ.లోకి మార్చి కొట్టేవాళ్లకు ఇది తరచూ తగులుతుంది.

వాలుగీత

సరే, మిడ్‌పాయింట్ దొంగ అని తేలింది. మీరు అడిగిన ప్రశ్న వల్ల దొరికింది. మీరు లేకపోతే నాకెలా దొరికేది? కింద స్టేటస్ బార్‌లో Over Defined నొక్కితే SketchXpert వచ్చింది, Diagnose నొక్కితే ఏవేవో చూపించింది, ఏది ఎంచుకోవాలో తెలియలేదు.

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

SketchXpert అబద్ధం చెప్పదు, కానీ మీ మనసులో ఏముందో దానికి తెలియదు. మీ స్కెచ్‌కు అది ఇవ్వగలిగే పరిష్కారాలు బాణాల గుర్తులతో ఒక్కోటీ తిప్పి చూడండి. ఒక్కోటి ఒక్కో రిలేషన్నో కొలతనో తీసేస్తుంది, గణితం ప్రకారం అన్నీ సరైనవే.

20ని తీసేస్తే స్కెచ్ నల్లబడుతుంది, కానీ రంధ్రం 25కు జరిగిపోతుంది. ప్లేటు బోల్టుకు కుదరదు. Verticalను తీసేస్తే పై గీత 50, రంధ్రం 20, అన్నీ నల్లగా, ముచ్చటగా ఉంటాయి. కానీ కన్‌స్ట్రక్షన్ లైను పై చివర 25 దగ్గర, కింది చివర 20 దగ్గర ఉండి వంకరగా పడుకుంటుంది. ఇది ప్రమాదకరమైన పరిష్కారం, ఎందుకంటే ఎర్రర్ లేదు, ముక్క కూడా సరిగ్గా వస్తుంది, స్కెచ్‌లో మాత్రం అర్థం లేని గీత మిగిలిపోతుంది. Midpointను తీసేస్తేనే మీరు అనుకున్నది వస్తుంది.

ఆ ఎంపిక తర్వాత ఇంకో చిన్న పని ఉంది. Midpoint పోతే రెండు స్వేచ్ఛలు వదులవుతాయి. 50 ఒకదాన్ని తింటుంది, ఒకటి మిగులుతుంది. కన్‌స్ట్రక్షన్ లైను పై చివర నీలంగా మారి పైకీ కిందికీ జారుతుంది. దాన్ని పై గీత మీదికి Coincident చేస్తే మళ్లీ Fully Defined. లేదా ఆ గీతే వద్దనుకుంటే తీసిపారేయండి, రంధ్రానికి 20, 25 చాలు.

గేజ్‌బ్లాక్

SketchXpert కంటే నాకు Display/Delete Relations మీదే నమ్మకం. Tools > Relations > Display/Delete. పైన ఫిల్టర్‌లో Overdefining/Not Solved పెట్టండి, జాబితా కుదించుకుపోతుంది. ఒక్కో పేరు నొక్కితే దానికి చెందిన గీతలు స్క్రీన్ మీద వెలుగుతాయి. కింద Suppressed అని ఒక గడి ఉంటుంది. టిక్ పెడితే ఆ రిలేషన్ పోదు, పనిచేయడం మానేస్తుంది. స్కెచ్ బాగుపడిందా, ఏది కదిలింది చూడండి. కావలసింది కాకపోతే టిక్ తీసేసి తర్వాతి దానికి వెళ్లండి. డిలీట్ చేస్తూ వెతికేవాళ్లు నాలుగో రిలేషన్ దగ్గరికి వచ్చేసరికి మొదటి మూడూ ఏంటో మర్చిపోతారు.

ఒక్క జాగ్రత్త: కాన్ఫిగరేషన్లు ఉన్న పార్టులో సప్రెస్ ఆ కాన్ఫిగరేషన్‌కే వర్తిస్తుంది. దోషి దొరికాక డిలీట్ చేయండి, సప్రెస్‌లో వదిలేయకండి.

ఫ్రీక్యాడ్_పిచ్చి

మీరు పైన వేసిన లెక్క నాకు నచ్చింది. స్వేచ్ఛలు సున్నా వస్తే స్కెచ్ సరిగ్గా ఉన్నట్టే కదా? అయితే ప్రతిసారీ లెక్క వేస్తే చాలు.

గేజ్‌బ్లాక్

చాలదు. ఒక మూలన ఒకటి ఎక్కువై, ఇంకో మూలన ఒకటి తక్కువైతే మొత్తం లెక్క సున్నానే వస్తుంది. ఇదే ప్లేటులో 25 మర్చిపోయి, పై గీతకు 40 కూడా పెట్టారనుకోండి. మొత్తం సున్నా. కానీ పై గీత పసుపు, రంధ్రం నీలం. లెక్క ఎంత లోటో చెబుతుంది, ఎక్కడో చెప్పదు. ఎక్కడో తెలియాలంటే మౌస్‌తో లాగాలి: కదలాల్సింది కదలకపోతే అక్కడే ఎక్కువైంది.

షాప్‌ఫ్లోర్_శీను

మరి ముప్పై కొలతలున్న స్కెచ్ అయితే? అన్నీ ఒక్కోటీ సప్రెస్ చేస్తూ కూర్చుంటామా?

గేజ్‌బ్లాక్

సగం సగం చేస్తూ వెళ్లు. పార్టు కాపీ తీసుకో, అసలుదాని మీద చెయ్యకు. పదిహేను కొలతలు ఒకేసారి సెలెక్ట్ చేసి డ్రివెన్ చెయ్. పసుపు పోతే గొడవలో ఒక పాత్రధారి ఆ పదిహేనులో ఉన్నట్టు. వాటిలో సగాన్ని మళ్లీ డ్రైవింగ్ చెయ్. నాలుగైదు అంచెల్లో ఒక్క కొలత దగ్గరికి వస్తావు. పసుపు పోకపోతే మిగతా పదిహేను చూడు, లేదా గొడవ రిలేషన్ల మధ్యనే ఉందన్నమాట.

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

చిన్న సవరణ. అలా దొరికేది గొలుసులో ఒక లంకె, దోషి కానక్కర్లేదు. వాలుగీత గారి స్కెచ్‌లో ఈ పద్ధతి 20 దగ్గరో 50 దగ్గరో ఆగుతుంది, రెండూ డ్రాయింగులో ఉన్నవే, రెండూ కావాల్సినవే. Midpoint కొలత కాదు కాబట్టి ఈ వేటలో అసలు కనబడదు. లంకె దొరికాక ఆ కొలత తాకే బిందువుల మీద నొక్కి, అక్కడి నుంచి రిలేషన్లు పట్టుకుని నడవాలి. మనం 20 నుంచి సెంటర్‌కు, సెంటర్ నుంచి నిలువు గీతకు, దాని పై చివరకు వెళ్లినట్టు.

నా అంచనాలో, చిన్న స్కెచ్‌లలో గొడవ చేసేది ఎక్కువగా తనంతట తాను పడ్డ రిలేషనే. గీసేటప్పుడు Ctrl నొక్కి ఉంచితే అవి పడవు. మూలల దగ్గర వదిలేసి, గీతల నడుమ నుంచి మొదలుపెట్టేటప్పుడు Ctrl అలవాటు చేసుకోండి.

గేజ్‌బ్లాక్

ఆటోమేటిక్ రిలేషన్స్ పూర్తిగా ఆపేసుకోవడం మేలు. Tools > Options > Sketch > Relations/Snaps లో Automatic relations టిక్ తీసెయ్యడమే.

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

దీనికి నేను ఒప్పుకోను. అప్పుడు ప్రతి Horizontal, ప్రతి Vertical చేత్తో పెట్టాలి, ఒకటి మర్చిపోతే 0.3 డిగ్రీలు వాలిన గీత సమంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అది ఎర్రబడదు కూడా, సరాసరి లేజర్ కటింగ్‌కు పోతుంది.

గేజ్‌బ్లాక్

నీలంగా ఉన్న స్కెచ్‌ను కటింగ్‌కు పంపేవాడికి ఏ సెట్టింగూ సాయం చేయలేదు. నా స్కెచ్‌లలో ఆపేసే ఉంటుంది.

వాలుగీత

Midpoint తీసేశాను, 50 పడింది, రంధ్రం 20 దగ్గరే ఉంది, పై చివర Coincident చేశాను, నల్లబడింది. అందరికీ ధన్యవాదాలు.

కానీ ఇప్పుడు ఇంకోటి. డ్రాయింగులో కింది కుడి మూల దగ్గర 45° అని కూడా ఉంది. అది పెట్టబోతే మళ్లీ అదే డబ్బా. స్కెచ్ 50.19° చూపిస్తోంది. మళ్లీ దాక్కున్న రిలేషన్ ఏదైనా ఉందా?

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

ఈసారి స్కెచ్‌లో ఏమీ దాక్కోలేదు. కింద 100, పైన 50, కాబట్టి వాలు గీత అడ్డంగా 50 పోతుంది, నిలువుగా 60. 60ని 50తో భాగిస్తే 1.2, ఆ కోణం 50.19°. మొదటి రివిజన్‌లో 60కి 60 కాబట్టి సరిగ్గా 45 వచ్చింది. 40ని 50 చేసినవాళ్లు 45ను మార్చడం మర్చిపోయారు. వైరుధ్యం డ్రాయింగులోనే ఉంది, దాన్ని స్కెచ్‌లో ఎక్కడ వెతికినా దొరకదు.

షాప్‌ఫ్లోర్_శీను

45ను డ్రివెన్ చేసేస్తే సరిపోదా?

గేజ్‌బ్లాక్

డ్రివెన్ చేస్తే 50.19 అని రాస్తుంది శీనూ, డ్రాయింగులో 45 ఉంటుంది. ఇన్‌స్పెక్షన్‌లో బెవెల్ ప్రొట్రాక్టర్ పెట్టినవాడు ఏ కాగితం చూసి పాస్ చేయాలి?

అసెంబ్లీ_అప్పారావు

ఆ 45 చుట్టూ బ్రాకెట్ ఉందేమో చూడు తమ్ముడూ. బ్రాకెట్‌లో ఉంటే రిఫరెన్స్ కొలత, దాన్ని పట్టించుకోనక్కర్లేదు, కానీ తప్పని చెప్పాలి.

వాలుగీత

బ్రాకెట్ లేదు అప్పారావు గారూ. మామూలు కొలతలాగే ఉంది.

డిగ్రీస్‌ఆఫ్‌ఫ్రీడం

అయితే మూడు దారులున్నాయి. 45 నిజం అయితే, ఎత్తు 50 చేయాలి, లేదా కింది గీత 110 చేయాలి. లేదంటే 50ని ఉంచి 45ను కొట్టేయాలి. వాలు అంచు వెల్డింగ్‌కు ఆనేదైతే కోణం ముఖ్యం. ఊరికే మూల కోసినదైతే ఎవరికీ పట్టదు. ఆ ప్లేటు దేనికి ఆనుకుంటుందో మీకు తెలుసా?

వాలుగీత

తెలియదు. డ్రాయింగ్ ఇచ్చినవాళ్లకు మూడు లెక్కలూ రాసి మెయిల్ పెట్టాను. అప్పటివరకు 45ను పెట్టకుండా, ఫైలు పేరు చివర హోల్డ్ అని రాసి ఉంచాను.